క్యాష్‌లెస్‌లో కొంత కట్ అయ్యాక పేషెంట్ తాలూకు వాళ్లకు బిల్లు లెటర్ తిరగరాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ప్రైవేటు ఆసుపత్రుల ఇన్సూరెన్స్ డెస్కుల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలు అడిగే ప్రశ్నలు, కౌంటర్ దగ్గర పేషెంట్ తాలూకు వాళ్లు అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. అన్నింటికీ ఒకే క్యాష్‌లెస్ కేసు మీద, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ బిల్లు నేరుగా ఆసుపత్రికి కట్టే కేసు మీద, జవాబు చెప్తాను. గాల్ బ్లాడర్‌లో రాళ్లకు ల్యాప్రోస్కోపీ ఆపరేషన్, నాలుగు రోజులు ఆసుపత్రిలో. పేషెంట్ శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన. ఎవరిదో గుర్తుపట్టకుండా, లెక్క తేలిగ్గా అర్థమయ్యేలా అంకెలు సర్దాను.

మొదటి లెటర్‌లో తప్పేముంది? ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ ఎంత కట్ చేసిందో అదే రాశాం కదా?

ముందు ఆ లెటర్ చదవండి. మా డెస్క్ నుంచి వెళ్లిందే:

> "మీ క్లెయిమ్ పాక్షికంగా తిరస్కరించబడినది. ప్రపోర్షనేట్ డిడక్షన్ మరియు నాన్ పేయబుల్ ఐటమ్స్ నిమిత్తం రూ. 39,400 పేషెంట్ వారు చెల్లించవలసి ఉన్నది. ఇది ఇన్సూరెన్స్ కంపెనీ వారి నిర్ణయం. హాస్పిటల్‌కు ఎటువంటి సంబంధం లేదు."

ఆ పెద్దాయన కొడుకు ఈ కాగితం పట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డాడు. వేలు ఒక్కో మాట మీద పెట్టి చదువుతూ "నాన్ పేయబుల్" దగ్గర ఆపాడు. "అంటే ఇది మేం కట్టక్కర్లేదు కదా మేడమ్?" అని అడిగాడు. అతను చదివింది సరిగ్గానే చదివాడు. ఇన్సూరెన్స్ వాళ్లకు అది "మేం ఇవ్వం" అన్న మాట. కట్టాల్సిన మనిషి చేతికి వచ్చేసరికి "కట్టనక్కర్లేదు" అయింది. వెనకాల నిలబడ్డ వాళ్ల అమ్మగారికి "తిరస్కరించబడినది" అన్న ఒక్క మాటే వినిపించింది. పాలసీయే పోయిందనుకుని కూర్చుండిపోయారు.

మాటలు మార్చి రాస్తే సరిపోతుందనుకుని బిల్లు బ్రేకప్ తెరిచాను. అప్పుడు తెలిసింది, తప్పు మాటల్లోనే కాదు, 39,400 అన్న అంకెలోనే ఉందని. అందుకే ఈ పేజీలో సగం లెక్కే ఉంటుంది. కట్ అయిన ప్రతి రూపాయి ఎవరి మీద పడాలో తేలకుండా లెటర్ ఎంత మర్యాదగా రాసినా అది తప్పు లెటరే.

ఆ బిల్లు ఎలా ఉంది?

పాలసీ సమ్ ఇన్సూర్డ్, అంటే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం, 4 లక్షలు. గది అద్దె, నర్సింగ్ కలిపి రోజుకు సమ్ ఇన్సూర్డ్‌లో 1 శాతం వరకే ఇస్తామని పాలసీలో ఉంది, అంటే రోజుకు 4,000. వాళ్లు తీసుకున్న గది 5,000ది. మొత్తం బిల్లు 1,65,000. టీపీఏ ఫైనల్ అప్రూవల్ 1,25,600.

| బిల్లులో | మొత్తం | టీపీఏ కట్ చేసింది |
|---|---|---|
| గది, 4 రోజులు | 20,000 | 4,000 |
| సర్జన్, మత్తు డాక్టర్, విజిట్లు | 60,000 | 12,000 |
| ఆపరేషన్ థియేటర్ | 25,000 | 5,000 |
| మందులు, వాడిపారేసే సామాన్లు | 38,000 | 10,000 |
| రక్తపరీక్షలు, స్కానింగులు | 17,000 | 3,400 |
| ఇతరములు | 5,000 | 5,000 |

గది అద్దె ఎక్కువైతే గదిలోనే కోసుకోవాలి కానీ డాక్టర్ ఫీజులో ఎందుకు కోస్తారు?

కౌంటర్‌లో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. కోపం కూడా ఇక్కడే వస్తుంది. దీనికి "ప్రపోర్షనేట్ అండీ" అని చెప్పడం జవాబు కాదు.

చాలా ఆసుపత్రుల్లో గదిని బట్టి మిగతా చార్జీలు కూడా మారతాయి. అదే సర్జన్, అదే ఆపరేషన్. జనరల్ వార్డులో ఉంటే ఒక ఫీజు, సింగిల్ రూమ్‌లో ఉంటే ఇంకో ఫీజు. పాలసీ 4,000 గదికి ఒప్పుకుంది కాబట్టి, 4,000 గదిలో ఉంటే పడే ఫీజు వరకే ఇస్తామని కంపెనీ అంటుంది. దానికి వాళ్లు వాడే కొలత గది అద్దెల నిష్పత్తి. 5,000లో 4,000 అంటే నూటికి 80. డాక్టర్ ఫీజు 60,000లో 48,000 ఇచ్చి 12,000 కోస్తారు.

నేను కౌంటర్‌లో ఇలా చెప్తాను: "మీ పాలసీ ఒప్పుకున్న గది 4,000ది. మీరు తీసుకున్నది 5,000ది. గదిని బట్టి మా దగ్గర డాక్టర్ ఫీజు కూడా పెరుగుతుంది. ఆ పెరిగిన భాగం పాలసీలో లేదు. అందుకని ప్రతి వంద రూపాయల్లో ఇరవై మీ వంతు పడింది." ఇలా చెప్తే కోపం పోతుందని అనను కానీ విషయం అర్థమవుతుంది.

ఈ మాట అడ్మిషన్ రోజే చెప్పాలి. రోజుకు వెయ్యి రూపాయలే తేడా అనుకుని ఆ కొడుకు గది మార్చాడు. నాలుగు రోజులకు నాలుగు వేలు పడుతుందని మనసులో లెక్క వేసుకున్నాడు. డాక్టర్ ఫీజులో ఇంకో 12,000 పడుతుందని మాలో ఎవరూ చెప్పలేదు.

గది ఖాళీ లేక మనమే పేషెంట్‌ని ఎక్కువ అద్దె గదిలో పెట్టి ఉంటే ఈ తేడా కుటుంబం మీద వేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అలాంటప్పుడు అడ్మిషన్ షీట్ మీద "పాలసీ గది ఖాళీ లేదు" అని ఆ రోజే రాసి సంతకం తీసుకోవాలి. తర్వాత ఎవరూ ఒప్పుకోరు.

మందులకూ పరీక్షలకూ కూడా ఇదే ఇరవై శాతం కోయవచ్చా?

కోయకూడదు. మన కేసులో మొదటి తప్పు ఇక్కడే దొరికింది.

2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ సంగతి స్పష్టంగా ఉంది. గదిని బట్టి కోయగలిగేది "అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్"లో, అంటే గదితో ముడిపడ్డ డాక్టర్ ఫీజు లాంటి ఖర్చుల్లో మాత్రమే. మందులు, వాడిపారేసే సామాన్లు, ఇంప్లాంట్లు, పరీక్షలు ఆ లెక్కలోకి రావు. ఐసీయూ చార్జీల మీద కూడా ఈ కోత వేయకూడదు. పాలసీ పత్రం మొదట్లో ఉండే నిర్వచనాల్లో ఈ పదం ఉంటుంది. ఆ పేషెంట్ పాలసీలోనే తీసి చూడండి, పక్క పాలసీ చూసి చెప్పకండి.

కారణం కూడా తేలికే. ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ధర ఏ గదిలో ఇచ్చినా ఒకటే.

మన బిల్లులో మందుల కింద కట్ అయిన 10,000 రెండు ముక్కలు. 3,000 డైపర్లు, క్రేప్ బ్యాండేజీ లాంటివి. వాటి సంగతి తర్వాత చెప్తాను. మిగిలిన 35,000 మీద ఇరవై శాతం చొప్పున 7,000 కోశారు. పరీక్షల్లో 3,400 కోశారు. ఈ రెండూ కలిపి 10,400. ఇది కుటుంబం ఇవ్వాల్సింది కాదు, ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వాల్సింది. మేం లెటర్‌లో మాత్రం "పేషెంట్ వారు చెల్లించవలసి ఉన్నది" అని రాసి సంతకం పెట్టాం.

థియేటర్ చార్జీలో 5,000 కోశారు. అది సరైనదేనా?

దీనికి జవాబు టీపీఏ దగ్గర ఉండదు, మన టారిఫ్ పుస్తకంలో, అంటే ఆసుపత్రి చార్జీల పట్టికలో ఉంటుంది. గదిని బట్టి చార్జీ మారే ఆసుపత్రిలో, మారే పద్దు మీదే ఈ కోత నిలుస్తుంది. అన్ని గదులకూ ఒకే చార్జీ ఉన్న పద్దు మీద కోయకూడదని అవే మార్గదర్శకాలు చెప్తున్నాయి.

మా టారిఫ్ తెరిచి చూశాను. సర్జన్ ఫీజు గదిని బట్టి మారుతుంది, కాబట్టి 12,000 కోత సరైనదే. థియేటర్ చార్జీ మాత్రం జనరల్ వార్డుకైనా సింగిల్ రూమ్‌కైనా ఒకటే. కాబట్టి ఆ 5,000 కూడా ఇన్సూరెన్స్ వాళ్లను అడగాల్సిన డబ్బే.

బిల్లింగ్ పిల్లలు ఈ ఒక్క పని చేయకుండా లెటర్ రాస్తారు. వాళ్లను తప్పు పట్టను, డిశ్చార్జ్ వేళ సాయంత్రం నాలుగింటికి కౌంటర్ ముందు ఇరవై మంది ఉంటారు. కానీ టారిఫ్‌లో ఒక పేజీ తిప్పితే ఒక ఇంటికి ఐదు వేలు మిగిలింది.

"నాన్ పేయబుల్" అన్నీ పేషెంట్ కట్టాల్సినవేనా?

కాదు. చాలామందికి తెలియనిదీ, నన్ను ఎక్కువ బాధపెట్టిందీ ఇదే. ఐఆర్‌డీఏఐ ఈ వస్తువులను నాలుగు జాబితాలుగా ఇచ్చింది. పేషెంట్ వంతు పడేది మొదటి జాబితా మాత్రమే. డైపర్లు, క్రేప్ బ్యాండేజీ, ఇంటివాళ్ల భోజనం, మినరల్ వాటర్, థర్మామీటర్ లాంటివి అందులో ఉన్నాయి. కొన్ని పాలసీల్లో వీటికి కూడా యాడ్-ఆన్, అంటే అదనంగా తీసుకునే కవర్, ఉంటుంది, అది ఉందేమో చూడాలి.

మిగతా మూడు జాబితాల్లోవి విడిగా బిల్లు వేయాల్సినవే కావు. రెండో జాబితా గది అద్దెలో కలిసిపోవాలి: అడ్మిషన్ కిట్, దుప్పటి, చేతికి కట్టే పేరు పట్టీ, ఫైల్ చార్జీ, డాక్యుమెంటేషన్ చార్జీ. మూడోది ఆపరేషన్ చార్జీలో కలవాలి: దూది, గాజు గుడ్డ, రేజర్, సర్జికల్ టేప్. నాలుగోది వైద్యం ఖర్చులో కలవాలి: రిజిస్ట్రేషన్ చార్జీ, యూరిన్ బ్యాగ్, చేతులు శుభ్రం చేసుకునే ద్రావణం.

మన బిల్లులో "ఇతరములు" 5,000 విప్పి చూస్తే, ఇంటివాళ్ల భోజనం 800. మిగతా 4,200 అడ్మిషన్ కిట్, డాక్యుమెంటేషన్, గాజు గుడ్డలు, యూరిన్ బ్యాగులు. టీపీఏ వాటిని కోసింది "మేం ఇవ్వం, పేషెంట్ ఇవ్వాలి" అని కాదు. "మీ గది అద్దెలో, మీ ఆపరేషన్ చార్జీలో ఇవి ముందే ఉన్నాయి, మళ్లీ ఎందుకు వేశారు?" అని. ఆ 4,200 ఆసుపత్రి బిల్లు నుంచి తీసేయాల్సింది. టీపీఏ మనల్ని అడిగిన ప్రశ్నను మనం తీసుకెళ్లి ఆ కొడుకు చేతిలో పెట్టాం.

టీపీఏ లెటర్‌లో కొన్నిసార్లు "హాస్పిటల్ డిస్కౌంట్" అని ఇంకో వరుస ఉంటుంది. అది మనం వాళ్లతో ఒప్పందంలో ఒప్పుకున్న తగ్గింపు. దాన్ని పేషెంట్ దగ్గర వసూలు చేయకూడదు. మన కేసులో అది లేదు కానీ, ఉన్నచోట సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా "పేషెంట్ షేర్" లోకి తోసేయడం నేను చూశాను.

అయితే చివరికి ఎవరి వంతు ఎంత?

కుటుంబం వంతు: గది తేడా 4,000, డాక్టర్ల ఫీజు తేడా 12,000, డైపర్లూ బ్యాండేజీలూ 3,000, భోజనం 800. మొత్తం 19,800.

ఆసుపత్రి తీసేయాల్సింది 4,200.

ఇన్సూరెన్స్ వాళ్లను మళ్లీ అడగాల్సింది: మందులు 7,000, పరీక్షలు 3,400, థియేటర్ 5,000. మొత్తం 15,400.

మూడూ కలిపితే 39,400. టీపీఏ అంకెతో రూపాయి తేడా లేకుండా కలవాలి. కలవకపోతే ఏదో ఒక వరుస రెండుసార్లు లెక్కలోకి వచ్చిందని, లేదా వదిలేశారని అర్థం. కలిసేదాకా లెటర్ మొదలుపెట్టకండి.

తిరగరాసిన లెటర్ చూపిస్తారా?

> పేషెంట్ కుటుంబ సభ్యులకు,
>
> డిశ్చార్జ్ రోజున మేం ఇచ్చిన లెటర్‌లో మీరు రూ. 39,400 కట్టాలని రాశాం. ఆ లెక్క తప్పు. ఆ లెటర్ రద్దు చేసి దాని బదులు ఇది ఇస్తున్నాం. మీ పాలసీ అమలులోనే ఉంది. మొత్తం బిల్లు రూ. 1,65,000లో ఇన్సూరెన్స్ రూ. 1,25,600 ఇచ్చింది.
>
> ఇవ్వని రూ. 39,400లో మీరు కట్టాల్సింది రూ. 19,800. మీ పాలసీలో గదికి రోజుకు రూ. 4,000 వరకే ఉంది. మీరు ఉన్న గది రూ. 5,000. నాలుగు రోజుల గది తేడా రూ. 4,000. మా దగ్గర డాక్టర్ల ఫీజు గదిని బట్టి మారుతుంది కాబట్టి అందులో నూటికి ఇరవై చొప్పున రూ. 12,000. డైపర్లు, బ్యాండేజీలకు రూ. 3,000, మీ భోజనాలకు రూ. 800. ఇవి మీ పాలసీలో రావు.
>
> రూ. 4,200 మేం విడిగా బిల్లు వేయకూడని వస్తువులకు వేశాం. పొరపాటు మాది. ఆ డబ్బు మీరు కట్టిన ఖాతాకే తిరిగి పంపుతున్నాం.
>
> రూ. 15,400 మందులు, పరీక్షలు, థియేటర్ చార్జీల్లో ఇన్సూరెన్స్ కోసిన మొత్తం. ఈ కోత సరైనది కాదని మేం అనుకుంటున్నాం. మళ్లీ చూడమని టీపీఏకి రాశాం, ఆ కాపీ దీనితో జత చేశాం. వాళ్లు మాకు పంపిన రోజున మీకు తిరిగి ఇస్తాం. ఒప్పుకోకపోతే వాళ్ల జవాబు మీకు ఇస్తాం. దానితో మీరు కంపెనీకి ఫిర్యాదు చేయవచ్చు, మేం కాగితాలు ఇస్తాం.
>
> ఏది అర్థం కాకపోయినా ఈ లెటర్ మీద సంతకం పెట్టిన మనిషినే అడగండి.

కింద పేరు, ఫోన్ నంబరు, తేదీ. "బిల్లింగ్ విభాగం" అని మాత్రమే పెడితే ఆ ఫోన్ ఎవరూ ఎత్తరు.

ఇందులో "హాస్పిటల్‌కు సంబంధం లేదు" అన్న వాక్యం ఎందుకు తీసేశారు?

అది నిజం కాదు కాబట్టి. గది ఇచ్చింది మనం, టారిఫ్ మనది, 4,200 తప్పుగా వేసింది మనం. ఆ వాక్యం ఉన్న లెటర్ చదివిన మనిషికి ఇక ఎవరిని అడగాలో తెలియదు. టీపీఏ నంబరుకు ఫోన్ చేస్తే "హాస్పిటల్‌ని అడగండి" అంటారు.

"తిరస్కరించబడినది", "నిమిత్తం", "చెల్లించవలసి ఉన్నది" లాంటివి కూడా తీసేశాను. కౌంటర్‌లో నోటితో మనం ఎలా చెప్తామో కాగితం మీద అలాగే ఉండాలి. టీపీఏ లెటర్‌లోని ఇంగ్లిష్ పదం చెప్పక తప్పకపోతే ముందు తెలుగులో సంగతి చెప్పి, తర్వాత "వాళ్ల లెటర్‌లో దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అన్నారు" అని రాయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్లకు అది అవసరం.

"మీ పాలసీ అమలులోనే ఉంది" అన్న వాక్యం ఆ అమ్మగారి కోసం పెట్టాను. ఇప్పుడు ప్రతి లెటర్‌లో పెడుతున్నాను.

తప్పు మాది అని రాసిస్తే రేపు కేసు వేస్తారేమోనని మా మేనేజర్ ఒప్పుకోవడం లేదు.

మా మేనేజర్ గారూ మొదట అదే అన్నారు. నేను అడిగింది ఒక్కటే: 4,200 తిరిగి ఇస్తూ ఎందుకు ఇస్తున్నామో రాయకపోతే, ఆ కొడుకు ఏమనుకుంటాడు? మిగతా అంకెల్లో కూడా ఇంకేదో ఉందనుకుంటాడు. వస్తువు పేరుతో సహా కారణం రాస్తే మిగతా 19,800 మీద నమ్మకం వస్తుంది. "పొరపాటు మాది" అన్న రెండు మాటలు ఉంచి, పక్కన వస్తువుల జాబితా జత చేశాం. ఆయన సంతకం పెట్టారు.

అప్పటికే మొత్తం డబ్బు కట్టేసి వెళ్లిపోతే?

మన కేసులో అదే జరిగింది. కొడుకు 39,400 ఫోన్‌పేలో కట్టి తండ్రిని తీసుకెళ్లాడు. రెండు రోజుల తర్వాత కాగితాలతో మళ్లీ వచ్చాడు. 4,200 కట్టిన ఖాతాకే వెనక్కి పంపాం. ఇలాంటివి నగదుగా ఇవ్వకండి, తర్వాత లెక్క దొరకదు. 15,400కు పాత రసీదు రద్దు చేసి, "ఇన్సూరెన్స్ నుంచి వస్తే తిరిగి ఇవ్వాల్సిన మొత్తం" అని రాసిన కొత్త రసీదు ఇచ్చాం.

ఇంకా కట్టకుండా కౌంటర్ దగ్గరే ఉంటే ముందు 19,800 మాత్రమే తీసుకోండి. మిగతాదానికి ఒక హామీ పత్రం సరిపోతుంది. కొన్ని ఆసుపత్రులు డిపాజిట్ అడుగుతాయి, అలా అయితే రసీదు మీద ఆ మాటే ఉండాలి.

బిల్లు గొడవ తేలేదాకా పేషెంట్‌ని ఆపవచ్చా?

వద్దు. కేంద్ర ఆరోగ్య శాఖ పేషెంట్ హక్కుల చార్టర్‌లో, బిల్లు తగాదా పేరుతో పేషెంట్‌ని ఆపకూడదని ఉంది. వివరమైన బిల్లు అడిగే హక్కు కూడా అందులో ఉంది.

"నిన్న ఇంత అప్రూవ్ అయిందన్నారు, ఇవాళ ఇంతే అంటున్నారు" అంటే ఏం చెప్పాలి?

మొదట వచ్చేది ప్రీ-ఆథ్, అంటే వైద్యం మొదలుపెట్టడానికి ఇచ్చే అంచనా. ఫైనల్ బిల్లు, డిశ్చార్జ్ సమ్మరీ చూశాకే అసలు అంకె వస్తుంది. లెటర్‌లో ప్రీ-ఆథ్ అంకె రాయకండి, రెండు అంకెలు పెడితే అయోమయం.

ఫైనల్ అప్రూవల్ కోసం సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఆ అదనపు గది అద్దె ఎవరు కట్టాలి?

2024 మే నెలలో వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ అప్రూవల్ మూడు గంటల్లోపు ఇవ్వాలి. మూడు గంటలు దాటినందువల్ల ఆసుపత్రి అదనంగా వేసే డబ్బు కంపెనీయే భరించాలి. అందుకే ఫైనల్ బిల్లు ఎన్ని గంటలకు పంపారో, జవాబు ఎన్ని గంటలకు వచ్చిందో రాసిపెట్టుకోండి. గంటలు లెక్కపెట్టేది పేషెంట్‌కి డిశ్చార్జ్ చెప్పిన దగ్గర నుంచి కాదు, మనం టీపీఏకి పంపిన దగ్గర నుంచి. మధ్యాహ్నం పన్నెండుకు డాక్టర్ చెప్తే మనం మూడింటికి పంపామంటే, ఆ మూడు గంటల ఆలస్యం మనదే. అది కుటుంబం మీద వేయకూడదు.

అదే సర్క్యులర్‌లో ఇంకో పనికొచ్చే మాట ఉంది. క్లెయిమ్‌లో కొంత ఇవ్వకపోతే, పాలసీలోని ఏ షరతు ప్రకారం ఇవ్వలేదో కంపెనీ చెప్పాలి. టీపీఏ లెటర్‌లో షరతు లేకుండా "యాజ్ పర్ పాలసీ" అని మాత్రమే ఉంటే, కుటుంబానికి లెటర్ రాయకముందే ఆ షరతు అడిగి తెప్పించుకోండి.

టీపీఏ మళ్లీ కాదంటే కుటుంబం ఎక్కడికి వెళ్లాలి?

ముందు ఇన్సూరెన్స్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్ bimabharosa.irdai.gov.in లో కూడా పెట్టవచ్చు, లేదా 155255కు ఫోన్ చేయవచ్చు. కంపెనీ నెల రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. విశాఖ వాళ్లకు అది హైదరాబాద్ కార్యాలయం కిందకు వస్తుంది. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు పెట్టాలి.

మన వంతు పని, వాళ్లకు వరుసలవారీ బిల్లు, టారిఫ్ పేజీ కాపీ, టీపీఏ లెటర్లు రెండూ ఇచ్చి పంపడం. "కంప్లయింట్ పెట్టుకోండి" అని చెప్పి కాగితాలు ఇవ్వకపోతే వాళ్లు ఏం పెట్టగలరు?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద వచ్చినవాళ్లకు కూడా ఇదే లెటరా?

కాదు. అది ప్యాకేజీ పద్ధతి, ఈ లెక్కలేవీ దానికి వర్తించవు. ఆ పథకంలో ఉన్న వైద్యానికి పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. అలాంటి కేసులో ఇలాంటి లెటర్ రాయాల్సి వచ్చిందంటే ముందు మీ ఆసుపత్రిలో ఆ పథకం చూసే మనిషితో మాట్లాడండి.

లెటర్ చేతికి ఇస్తే చాలా?

ఇచ్చేముందు చదివి వినిపించండి. కౌంటర్ దగ్గర నిలబెట్టి కాదు, కుర్చీ వేసి. మనకు వచ్చే పేషెంట్లలో చాలామందికి నిర్ణయాలు తీసుకునే మనిషి ఇక్కడ ఉండడు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు. కాగితం వాట్సాప్ ఫొటోగా అక్కడికి వెళ్తుంది. అందుకే ఒకే పేజీలో, పెద్ద అక్షరాల్లో ఉంచండి. వెనక పేజీ ఫొటో తీయడం మరిచిపోతారు. కోరాపుట్, రాయగడ వైపు నుంచి వచ్చినవాళ్లకు తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోవచ్చు. మా దగ్గర ఒడియా వచ్చిన నర్సును పిలిచి చదివించాం.

చివరికి ఆ 15,400 వచ్చిందా?

మందులు, పరీక్షల 10,400 తొందరగానే వచ్చింది. పాలసీలోని నిర్వచనం పేజీ, మా బిల్లు బ్రేకప్ జత చేసి మూడు వాక్యాల మెయిల్ పెట్టాం, టీపీఏ వాదించలేదు. వచ్చిన రోజే కొడుక్కి పంపాం.

థియేటర్ 5,000 దగ్గర ఆగింది. "మీ టారిఫ్‌లో థియేటర్ చార్జీ గదిని బట్టే ఉంది" అని జవాబు వచ్చింది. వెతికితే వాళ్ల దగ్గర ఉన్నది మా పాత టారిఫ్. కొత్తది చేసినప్పుడు ఆ టీపీఏకి పంపడం మాలో ఎవరో మరిచిపోయారు. అంటే ఆ కోత వాళ్ల కాగితం ప్రకారం సరైనదే, పొరపాటు మాది. అడ్మిషన్ తేదీ నాటికి కొత్త టారిఫ్ వాళ్ల చేతిలో లేదు కాబట్టి మార్చలేమన్నారు. ఆ 5,000 ఆసుపత్రే భరించాలని మేనేజర్ గారికి నోట్ రాశాను. వారం తర్వాత ఒప్పుకున్నారు. మూడో లెటర్ రాయాల్సి వచ్చింది, నాలుగు వాక్యాలే. మిగతా టీపీఏలన్నింటి దగ్గర ఏ తేదీ టారిఫ్ ఉందో ఆ వారమే ఫోన్ చేసి కనుక్కున్నాం. ఇంకో రెండింటి దగ్గర పాతదే ఉంది.